ఉద్యోగి వెళ్లిపోయాక ఆగిన Power BI రిఫ్రెష్: సర్వీస్ అకౌంటా, సర్వీస్ ప్రిన్సిపలా?

అందరికీ నమస్కారం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న డేటా టీమ్‌లో పనిచేస్తున్నాను. మా సేల్స్ రిపోర్టులన్నీ ఒక సహోద్యోగి సొంత లాగిన్‌తో రిఫ్రెష్ అయ్యేవి. ఆయన మానేశాక ఐటీ వాళ్లు అకౌంట్ ఆపేశారు. మర్నాటి నుంచి రిఫ్రెష్ ఫెయిల్. హిస్టరీలో ఈ ఎర్రర్ ఉంది:

```
AADSTS50057: The user account is disabled.
```

రిపోర్టు మాత్రం మామూలుగానే తెరుచుకునేది, పాత అంకెలతో. ఫెయిల్ అయినట్టు చెప్పే మెయిల్ ఓనర్‌కే, అంటే ఆయనకే వెళ్లేది. వరుసగా నాలుగుసార్లు ఫెయిలయ్యాక షెడ్యూల్ కూడా దానంతటదే ఆగిపోయింది. చివరికి చెన్నై బ్రాంచి మేనేజర్ ఫోన్ చేసి, "ఏమండీ, నిన్నటి అమ్మకాలు కనిపించడం లేదేంటి?" అంటేగానీ ఎవరికీ తెలియలేదు.

ప్రస్తుతానికి నేను Take over నొక్కి, నా లాగిన్ ఇచ్చి నడిపిస్తున్నాను. రేపు నేను మానేసినా ఇదే కథ. అదే టెన్షన్.

Azure SQL వరకు సర్వీస్ ప్రిన్సిపల్ పెట్టొచ్చు. డేటాబేస్‌లో దానికి యూజర్‌ని సృష్టించి, చదివే హక్కు మాత్రమే ఇస్తే చాలు. కానీ దాని సీక్రెట్‌కీ గడువు ఉంటుంది, అది ముగిసినా రిఫ్రెష్ ఆగుతుంది. షేర్‌పాయింట్‌లోని ఎక్సెల్ ఫైళ్ల దగ్గరే చిక్కు. వాటికోసం లైసెన్స్ ఉన్న మామూలు సర్వీస్ అకౌంట్ తీసుకుందామంటే, ఎంఎఫ్ఏ లేకుండా ఇచ్చేది లేదని సెక్యూరిటీ వాళ్లు అంటున్నారు. ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కి రావాలి?

ఇలాంటి సెటప్ నడుపుతున్నవారు షేర్‌పాయింట్‌కి ఏం వాడుతున్నారు? సీక్రెట్ గడువును ఎవరు, ఎలా గమనిస్తున్నారు? దయచేసి చెప్పండి.