బ్రాకెట్లు, ఘాతాలు ముందెందుకు చెయ్యాలి? ఏడో తరగతి పాపకు కథలా చెప్పాలి

సుజాత_నల్గొండ
మా పాప ఏడో తరగతి. హోంవర్క్‌లో 50 + 3 × 40 కి జవాబు 2120 వేసింది. ఎడమ నుంచి చదువుకుంటూ పోయి 50కి 3 కలిపి, వచ్చిన 53ని 40తో గుణించింది. గుణకారం ముందు చెయ్యాలమ్మా అంటే "ముందు రాసింది ముందు చెయ్యాలి కదా, ఎందుకు మార్చాలి?" అంటోంది. స్కూల్లో బోడ్‌మాస్ అని అక్షరాలు బట్టీ పట్టించారు, కారణం మాత్రం చెప్పలేదు. మెట్టు మెట్టుగా ఒక కథలా చెబితే తనకు ఎక్కుతుంది. బ్రాకెట్లు, ఘాతాలు అన్నిటికంటే ముందెందుకో కూడా అడుగుతోంది. ఎవరైనా పిల్లలకు చెప్పి ఉంటే దయచేసి రాయండి.

రమణ_కిరాణం
పాపను ఏమీ అనకండమ్మా. మా కొట్టులో ఉన్న మామూలు క్యాలిక్యులేటర్ మీద అదే వరుసలో నొక్కితే 2120 వస్తుంది. అది ఏ మీట నొక్కితే ఆ లెక్క అప్పటికప్పుడు చేసేస్తుంది, వెనక ఏముందో చూడదు. ఫోన్‌లో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ అయితే 170 చూపిస్తుంది. కొత్త కుర్రాడు బిల్లు కొడితే ఇక్కడే తేడా వస్తుంది, ఖాతాదారు కోపంగా తిరిగొస్తాడు. నేను ముందు 3 × 40 కొట్టి M+ నొక్కమంటాను, తర్వాత 50 కొట్టి మళ్ళీ M+, ఆఖర్న MR. అప్పుడు ఎన్ని రకాల సరుకులున్నా మొత్తం సరిగ్గా వస్తుంది. కంపెనీల వాళ్లు అన్ని క్యాలిక్యులేటర్లూ ఒకేలా ఎందుకు చెయ్యరో నాకు అర్థం కాదు.

గోదావరి_మాస్టారు
సుజాతమ్మా, 50 + 3 × 40 ని అంకెలుగా కాకుండా సరుకులుగా చెప్పండి. పాప షాపుకెళ్లి 50 రూపాయల పెన్నుల డబ్బా ఒకటి, 40 రూపాయల నోటుపుస్తకాలు 3 కొన్నది. ఇప్పుడు 50కి 3 కలపమనండి. 50 అంటే రూపాయలు, 3 అంటే పుస్తకాలు. రూపాయలకు పుస్తకాలు కలిపితే వచ్చే 53 ఏమిటో తననే చెప్పమనండి, చెప్పలేదు. 3 పుస్తకాలు ముందు రూపాయలుగా మారాలి, అంటే 120 కావాలి. అప్పుడే డబ్బా ధరతో కలుస్తాయి, మొత్తం 170.

దీని వెనక ఉన్న విషయం ఏమిటంటే, 3 × 40 అనేది 40 + 40 + 40 ని పొట్టిగా రాసుకున్న రూపం. విప్పి రాస్తే 50 + 40 + 40 + 40. అందులో అన్నీ కూడికలే కాబట్టి వరుస గురించి తగాదాయే లేదు. 53 × 40 అంటే 53 సార్లు 40. అసలు కథలో అన్ని పుస్తకాలు ఎక్కడున్నాయి?

శ్రీను_బ్యాంక్‌కోచింగ్
ఇంత కథ అవసరం లేదు మేడమ్. ఏళ్ల తరబడి బ్యాంకు పరీక్షలకు చెబుతున్నాను, నా దగ్గర చదివిన పిల్లలు ఎంతోమంది ఉద్యోగాల్లో ఉన్నారు. బోడ్‌మాస్‌లో అక్షరాల వరుసే చట్టం. భాగహారం ముందు, గుణకారం తర్వాత, కూడిక, ఆఖర్న తీసివేత. పరీక్షలో నిమిషం కూడా ఉండదు, అక్కడ పుస్తకాల షాపు గుర్తు చేసుకుంటూ కూర్చుంటే సీటు పోతుంది.

లలిత_న్యూజెర్సీ
మా బాబుకు ఇక్కడ స్కూల్లో పెమ్‌డాస్ అని నేర్పుతారు. అందులో గుణకారం అక్షరం ముందుంది, భాగహారం తర్వాత. 24 ÷ 4 × 3 కి వాడు 4 × 3 ముందు చేసి 2 అన్నాడు. నేను హైదరాబాద్‌లో చదువుకున్న పద్ధతిలో 18 వస్తుంది. దేశాన్ని బట్టి లెక్క మారుతుందా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే అయింది.

శ్రీను_బ్యాంక్‌కోచింగ్
అమెరికా వాళ్ల అక్షరాలు తప్పు, మనవే కరెక్ట్. 18.

గోదావరి_మాస్టారు
18 కరెక్టే, కారణం మాత్రం అది కాదు శ్రీను గారూ. లలితమ్మా, రెండు దేశాల్లోనూ నియమం ఒకటే. గుణకారం, భాగహారం సమాన హోదా ఉన్నవి, ఎడమ నుంచి ఏది ముందొస్తే అది చెయ్యాలి. కూడిక, తీసివేత కూడా అంతే. అక్షరాలను పలకడానికి వీలుగా పేర్చారు, అంతకు మించి ఆ వరుసకు అర్థం లేదు.

భాగహారాన్ని ఎప్పుడూ ముందు చేసినా జవాబు చెడదు, అది నిజమే. 12 × 8 ÷ 4 లో 8 ÷ 4 ముందు చేసినా 24, ఎడమ నుంచి పోయినా 24. అందుకే మీ పిల్లలకు దెబ్బ తగల్లేదు. అదే అక్షరాల చట్టాన్ని 10 − 4 + 3 మీద వాడి చూడండి. కూడిక ముందంటే 4 + 3 = 7, 10లోంచి 7 తీస్తే 3. పది రూపాయల్లో 4 ఖర్చు పెట్టి, మళ్ళీ 3 వస్తే జేబులో 9 ఉంటాయి గానీ 3 ఎలా ఉంటాయి?

శ్రీను_బ్యాంక్‌కోచింగ్
మాస్టారూ, నేను −4 + 3 ని గుర్తుతో సహా −1 అని చెప్పిస్తాను. 10 − 1 = 9. నా పిల్లలెవరూ 3 రాయరు. మీరు రిటైరయ్యి తీరిగ్గా మాట్లాడుతున్నారు, కోచింగ్ సెంటర్లో వంద మంది ముందు నిలబడి చెప్పి చూడండి.

గోదావరి_మాస్టారు
వంద మంది ముందు నిలబడే చెప్పాను బాబూ, గవర్నమెంటు బడిలో. గుర్తుతో సహా తీసుకోవడం మంచి పద్ధతి, దాన్ని కాదనను. అది చెప్పిస్తున్నప్పుడు "అక్షరాల వరుసే చట్టం" అని కూడా చెప్పకండి. రెండూ ఒకే నోట రాకూడదు.

సుజాత_నల్గొండ
షాపు కథ తనకు బాగా ఎక్కింది, ధన్యవాదాలు మాస్టారూ. రూపాయలకు పుస్తకాలు కలపలేమని తనే అంది. మరి బ్రాకెట్ల సంగతి? ఘాతాల సంగతి? అక్కడ షాపు ఎలా పనికొస్తుంది?

వెంకట్_అకౌంట్స్
బ్రాకెట్ల గురించి నేను చెబుతాను, రోజూ ఎక్సెల్‌లో చూసే గొడవే. 10000 రూపాయలకు 10 శాతం చక్రవడ్డీ, 2 ఏళ్లు. మొత్తం ఇలా రావాలి:

```
=10000*(1+10/100)^2
```

జవాబు 12100. మా ఆఫీసులో చేరిన కొత్తబ్బాయి బ్రాకెట్లు తీసేసి రాశాడు:

```
=10000*1+10/100^2
```

ఇందులో 100కి వర్గం ముందు అయిపోతుంది, 10ని 10000తో భాగిస్తే 0.001. దాన్ని 10000కి కలిపితే 10000.001. సెల్‌లో రెండు దశాంశాలే చూపించేట్టు పెట్టుకుంటే 10000.00 అని కనిపిస్తుంది. రెండేళ్లకు వడ్డీ సున్నా! ఎర్ర గుర్తు ఏమీ రాదు, ఎక్సెల్ దృష్టిలో అది తప్పు కాదు మరి. అసలుకంటే మొత్తం పెరిగిందా లేదా అని కంటితో చూసుకోవడమే మార్గం.

ఇంకో వింత, =-3^2 అని కొట్టండి, ఎక్సెల్ 9 అంటుంది. కాబట్టి మైనస్ ఘాతం కంటే కూడా ముందు.

కోడర్_విశాఖ
వెంకట్ గారూ, అది ఎక్సెల్‌లో సంగతి, గణితంలో కాదు. కాగితం మీద −3² అంటే −9. పైతాన్‌లో -3**2 కొడితే -9 వస్తుంది. ఎక్సెల్‌లోనే =0-3^2 కొట్టి చూడండి, -9 వస్తుంది. సెల్ మొదట్లో ఉన్న మైనస్‌ను ఎక్సెల్ అంకెకు అతుక్కున్న గుర్తుగా తీసుకుంటుంది, మధ్యలో ఉంటే తీసివేతగా తీసుకుంటుంది. ఈ తేడా పరీక్షలో రాస్తే పిల్లలకు మార్కులు పోతాయి.

అసలు ఈ వరుసంతా మనుషులు చేసుకున్న ఒప్పందమే. ఏపీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రాధాన్యతలే లేవు, కుడి నుంచి చేసుకుంటూ వస్తారు. అందులో 2×3+4 అంటే 14. దాంతోనూ పనులు జరిగాయి కదా. "ప్రకృతి ఇలాగే కోరుకుంది" అన్నట్టు పిల్లలకు చెప్పడం నాకు నచ్చదు.

గోదావరి_మాస్టారు
ఒప్పందమే. కాదని ఎవరన్నారు? ఒప్పందానికి కారణం ఉండొచ్చు కదా, పాప అడుగుతున్నది ఆ కారణమే.

సుజాతమ్మా, బ్రాకెట్ అసలు ఒక లెక్క కాదు. కూడిక లాగానో గుణకారం లాగానో అది అంకెలను ఏమీ చెయ్యదు. మామూలు వరుసతో తన కథ చెప్పలేనప్పుడు రాసేవాళ్లు పెట్టే గీత అది. ముగ్గురు స్నేహితురాళ్లకు, ఒక్కొక్కరికి 50 రూపాయల డబ్బా, 40 రూపాయల పుస్తకం ఇవ్వాలనుకోండి. ఒకరికయ్యే ఖర్చు ముందు తేలాలి, కాబట్టి 3 × (50 + 40) = 270. బ్రాకెట్ తీసేస్తే 3 × 50 + 40 = 190. అది కూడా తప్పు లెక్క కాదు, వేరే కథ. ముగ్గురికీ డబ్బాలు అందాయి, పుస్తకం ఒక్కరికే దక్కింది. మామూలు వరుసను ఆపడానికే పెట్టిన దాన్ని ఆఖర్న చూస్తే పెట్టి ప్రయోజనమే లేదు, అందుకే అది అన్నిటికంటే ముందు.

ఘాతానికి గదుల కథ చెప్పండి. ఒక్కో గోడ 3 మీటర్లున్న చదరపు గదులు 4 ఉన్నాయి, నేలంతా బండలు పరచాలి. ఒక గదికి 3² అంటే 9 చదరపు మీటర్లు, నాలుగు గదులకు 4 × 3² = 36. గుణకారం ముందు చేస్తే 12² = 144. అది 12 మీటర్ల గోడలున్న ఒకే పెద్ద హాలు, మన నాలుగు గదులు కాదు. ఘాతం గుణకారానికి పొట్టి రూపం, గుణకారం కూడికకు పొట్టి రూపం. మడత మీద మడత ఉంది కాబట్టి పై మడతే ముందు విప్పాలి.

కోడర్_విశాఖ
మాస్టారూ, ఆ వాదన నాకు సగమే నచ్చింది. 4 × 3² ని (4 × 3)² అనే అర్థంలో రాసుకుందామని అందరం ఒప్పుకుంటే గదులకు 4 × (3²) అని రాసుకుంటాం, అంతే. బండలు తక్కువేమీ పడవు.

గోదావరి_మాస్టారు
రాసుకోవచ్చు, కాకపోతే ఎన్ని బ్రాకెట్లు పెట్టాలో చూడు బాబూ. 435 అనే అంకెనే తీసుకో. 4 × 10² + 3 × 10 + 5. మన ఒప్పందంలో ఒక్క బ్రాకెట్ లేకుండా 435 వచ్చేస్తుంది. పాప పద్ధతిలో ఎడమ నుంచి పోతే 4 × 10 = 40, దాని వర్గం 1600, 3 కలిపితే 1603, పదితో గుణిస్తే 16030, 5 కలిపితే 16035. వందలు, పదులు, ఒకట్లు అని రెండో తరగతిలో నేర్పిందే రాయడానికి బ్రాకెట్లు కావాల్సొస్తుంది. రేపు ఆల్జీబ్రాలో 3x² + 5x + 2 లాంటివి పేజీల నిండా వస్తాయి. ఎక్కువసార్లు రాయాల్సింది తక్కువ గుర్తులతో రాయగలగాలి, ఈ వరుస నిలబడింది అందుకే.

కోడర్_విశాఖ
435 ఉదాహరణ బాగుంది, అది ఒప్పుకుంటాను. ఒప్పందం అనే మాట మాత్రం వదలను.

శ్రీను_బ్యాంక్‌కోచింగ్
అందరూ ఇంత మాట్లాడుతున్నారు, 6 ÷ 2(1 + 2) కి జవాబు చెప్పండి చూద్దాం. 9.

లలిత_న్యూజెర్సీ
మా బాబు 1 అంటాడు. 2, బ్రాకెట్ అతుక్కుని ఉన్నాయి కాబట్టి అది ఒకే ముక్క అంటాడు.

గోదావరి_మాస్టారు
బ్రాకెట్ లోపలిది ముందు చెయ్యాలన్న దగ్గర ఇద్దరూ ఒకటే, 3 వచ్చేసింది. తగాదా ఆ తర్వాత. మధ్యలో గుర్తు లేకుండా అతికించిన గుణకారానికి ఎక్కువ బలం ఇవ్వాలా వద్దా అన్నది క్యాలిక్యులేటర్లు చేసేవాళ్లు కూడా ఒకేలా తీసుకోరు. దాన్ని భిన్నంలా పైన కింద రాస్తే సందేహమే రాదు. నేనైతే ప్రశ్నపత్రంలో అలాంటిది పెట్టను.

శ్రీను_బ్యాంక్‌కోచింగ్
పరీక్షలో వస్తే పెట్టను అంటే కుదరదు మాస్టారూ. ఒక ఆప్షన్ గుర్తించాలి. 9.

రమణ_కిరాణం
నా క్యాలిక్యులేటర్‌లో బ్రాకెట్ మీటే లేదు.

సుజాత_నల్గొండ
గదుల కథ చెప్పాను, 4 × 3² తనే చేసింది. ఇప్పుడు కొత్త ప్రశ్న పట్టుకొచ్చింది. ఘాతం మీద ఇంకో ఘాతం ఉంటే, 2 మీద 3, ఆ 3 మీద 2, కిందిది ముందా పైది ముందా?

కోడర్_విశాఖ
కాగితం మీద పైది ముందు. 3² = 9, 2⁹ = 512. ఎక్సెల్‌లో =2^3^2 కొడితే మాత్రం ఎడమ నుంచి చేసి 64 ఇస్తుంది, వెంకట్ గారు చూసి చెప్పాలి.

వెంకట్_అకౌంట్స్
చూశాను, 64. నేనైతే అక్కడా బ్రాకెట్ పెట్టేస్తాను.