టీవీ గోడకి ఫ్లూటెడ్ ప్యానెళ్లు: జిగురా, మేకులా? అతుకు ఎక్కడ దాచాలి?

మియాపూర్_మూడో_అంతస్తు
హాల్లో టీవీ గోడ వెడల్పు 10 అడుగులు, నేల నుంచి ఫాల్స్ సీలింగ్ దాకా 9 అడుగుల 9 అంగుళాలు. పివిసి ఫ్లూటెడ్ ప్యానెళ్లు తెచ్చాం. పొడవు 9 అడుగుల 6 అంగుళాలు, బిగించాక కనిపించే వెడల్పు 150 మి.మీ. షాపతను జిగురు చాలంటాడు, కార్పెంటరు గన్ మేకులు కొట్టాల్సిందే అంటాడు. ఎత్తుకి 3 అంగుళాలు తగ్గింది కదా, పైన ముక్క అతికిస్తాట్ట. అతుకు కనపడదా? పక్క గోడకి చెక్క లూవర్లు కూడా పెట్టాలి. ఎల్ఈడీ స్ట్రిప్‌కి ఎంత చోటు వదలాలి?

బోడుప్పల్_బాషా
అన్నా, జిగురు మీద భరోసా పెట్టుకోకు. ఎండాకాలం రాంగనే ఊడొస్తది. గన్ మేకు కొట్టు, పదేండ్లు కదలదు.

సివిల్_సారు
ఏ గోడకి బాషా గారూ? సిమెంటు ప్లాస్టర్‌లోకి గన్ మేకు దిగదు, వంగిపోతుంది లేదా ప్లాస్టర్ పెచ్చు లేస్తుంది. మేకు పట్టాలంటే వెనక ప్లైవుడ్డో చెక్క పట్టీలో ఉండాలి. అసలు విషయం చెప్పకుండా మేకు మేకు అంటే ఎలా?

బోడుప్పల్_బాషా
ప్లై లేకుండ ఎవడు చేస్తడు సార్? గది కూడ చెప్పాల్నా?

ఉలి_సుత్తి
పద్దెనిమిదేళ్లుగా ఇదే పని, ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. ముందు గోడకి 12 మి.మీ. ప్లై, స్క్రూలు ప్లగ్గులతో. 9 అడుగుల ఎత్తులో గోడ 8-10 మి.మీ. వాలి ఉండటం మామూలే, కాబట్టి తూకం గుండు వేలాడదీసి, లోతున్న చోట ప్లై వెనక ముక్కలు సర్దాలి. ఇది చెయ్యకపోతే ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య పైన కలిసి కింద విడిపోతుంది. ఆ సందు ఏ ఫిల్లరూ దాచలేదు.

తర్వాత ప్యానెల్ వెనక నిలువుగా రెండు జిగురు గీతలు. మేకు ముఖం మీద కాదు, పక్కనుండే నాలుకలో, ఏటవాలుగా, ఒకటిన్నర అడుగుకొకటి. పక్క ప్యానెల్ వచ్చి దాన్ని కప్పేస్తుంది. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడమే ఆ మేకు పని, తర్వాత భారమంతా జిగురుదే. మేకు 15 మి.మీ. చాలు. 25 కొడితే మొన ప్లై దాటి ప్లాస్టర్‌కి తగిలి తల పైకి నిలబడుతుంది, అప్పుడు పక్క ప్యానెల్ లోపలికి కూర్చోదు. గన్‌లో గాలి ఎక్కువైతే పివిసి నాలుక చీలుతుంది, ముందు తునక మీద కొట్టి చూడండి.

నెల్లూరు_నీడ
మా పనివాళ్లు ప్లైకి వాడే రబ్బర్ జిగురు డబ్బానే రెండు వైపులా పూసి అతికించేశారండీ. గట్టిగానే ఉంది. ట్యూబులకి డబ్బులు దండగ.

ఉలి_సుత్తి
మీది ఎండీఎఫ్ అయ్యుంటుంది. ఇప్పుడు బజార్లో లూవర్లని అమ్మే తేలికపాటి సరుకులో చాలావరకు పాలీస్టైరీన్. ఆ డబ్బాలోని థిన్నర్ దాన్ని తినేస్తుంది, వెనక గుంటలు పడి ముందు అలలు తేలతాయి. కోసిన తునక మీద చుక్క థిన్నర్ వేసి వేలితో రుద్దండి. జిగటగా కరిగిందంటే ఆ డబ్బా జోలికి పోవద్దు.

నెల్లూరు_నీడ
ఎండీఎఫ్ కాదు, మంచి కంపెనీ సరుకు. మీకు తెలియనంత మాత్రాన అందరిదీ తప్పంటే ఎలా?

ఉలి_సుత్తి
కంపెనీ సంగతి కాదండీ బాబూ నేనంటున్నది!

డాలస్_అక్క
ఇక్కడ డ్రైవాల్ కదా, 16 అంగుళాలకొక స్టడ్ ఉంటుంది. ప్యానెల్ ప్రతిదీ స్టడ్ మీద పడదు. అడ్డంగా పట్టీలు కొట్టుకుంటే సరిపోతుందా, లేక జిగురుతోనే అంటించేయొచ్చా?

సివిల్_సారు
అమ్మా, ఆయనది ఇటుక గోడ. మీ గోడకి అడ్డ పట్టీలే మేలు, స్టడ్‌లోకి స్క్రూ చేసి. పెయింటు మీద జిగురు పెడితే, ఊడేటప్పుడు డ్రైవాల్ కాగితం కూడా వెంట వస్తుంది. ఇటుక గోడకీ ఇదే చిక్కు: జిగురు పట్టేది పుట్టీని, పుట్టీ ఊడితే ప్యానెల్ దాంతోపాటు ఊడుతుంది. ఊడిన ప్యానెల్ వెనక తెల్లటి పొర కనిపిస్తే జిగురు తప్పు కాదన్నమాట. ప్లై లేకుండా నేరుగా అంటించేవాళ్లు పుట్టీ గీకి ప్లాస్టర్ దాకా వెళ్లాలి.

ట్యూబుల లెక్క కూడా చూసుకోండి. 300 మి.లీ. ట్యూబు 6 మి.మీ. లావు గీతగా 10 మీటర్లు వస్తుంది. ప్యానెల్‌కి రెండు గీతలంటే 5.8 మీటర్లు, అంటే ట్యూబుకి రెండు ప్యానెళ్లు కూడా పూర్తి కావు. 21 ప్యానెళ్లకి 13 ట్యూబులు. నాలుగు ట్యూబులతో ముగించాడంటే చుక్కలు పెట్టాడని అర్థం. వేలితో తట్టండి, డొల్ల శబ్దం వస్తుంది.

మియాపూర్_మూడో_అంతస్తు
21 ఎలా వచ్చింది సార్? 10 అడుగులకి నాకు 20.3 వస్తోంది.

గీత_గీసేవాడు
ఆ 0.3తోనే గోడ అందం పోతుంది. ఎడమ మూల నుంచి మొదలెడితే కుడి చివర 48 మి.మీ. చీలిక మిగులుతుంది. గోడ 3048 మి.మీ. మధ్య గీత దగ్గర ఒక ప్యానెల్‌ని నడిమికి పెట్టండి, రెండు వైపులా తొమ్మిదేసి, మొత్తం 19, అంటే 2850. మిగిలింది పక్కకి 99. మీ ప్యానెల్‌లో గాడి గాడికి 30 మి.మీ. ఉంటే, చివరి ముక్కని మూడు గాళ్ల దగ్గర, 90కి కొయ్యండి. గట్టు మధ్యలో కొస్తే అంచు పెళుసుగా విరుగుతుంది. మిగిలిన 9 మి.మీ. సందు మీద 15 మి.మీ. ముఖమున్న ఎల్ ప్రొఫైల్ పెడితే అతుకూ కనపడదు, ప్యానెల్ సాగడానికి చోటూ ఉంటుంది. నాలుక తిరిగే దిక్కు మారదు కాబట్టి, నడిమికి ఎడమ పక్క వేసేటప్పుడు జిగురు ఆరకముందే జారవిడిచి తొడగాలి. కొంచెం ఓపిక కావాలి.

ఎత్తు గురించి: స్కర్టింగ్ టైల్ తీసేస్తున్నారా? తియ్యకండి. అది 4 అంగుళాలైతే పైన మిగిలేది 9 అడుగుల 5 అంగుళాలు. ప్యానెల్ స్కర్టింగ్ మీద కూర్చుంటుంది, ముక్క అతకనక్కర్లేదు, ఇంకా అంగుళం కొయ్యాల్సొస్తుంది. పైన 5 మి.మీ. వదిలి కొయ్యండి. పివిసి 3 మీటర్ల పొడవు 20 డిగ్రీల వేడికి 3-4 మి.మీ. సాగుతుంది. సీలింగ్‌కి బిగబట్టి కొడితే మే నెలలో మధ్యలో ఉబ్బుతుంది. బాషా గారు చెప్పిన ఊడటం అదే, జిగురు నేరం కాదు.

బోడుప్పల్_బాషా
నేను అన్నది ఒప్పే కదా మరి, ఎండాకాలం అన్న.

కడప_కిటికీ
గోడ అవతల బాత్రూం ఉందా? ఉంటే ఇదంతా ఆపి, రెండడుగుల ప్లాస్టిక్ కాగితం గోడకి నాలుగు వైపులా టేపు వేసి ఒకరోజు ఉంచండి. గోడ వైపు చెమట కనిపిస్తే ప్లై ఉబ్బుతుంది, చెదలు కూడా వస్తాయి.

మియాపూర్_మూడో_అంతస్తు
బాత్రూమే ఉంది. కాగితం ఈ రాత్రే అంటిస్తా. చెక్క లూవర్లకి కూడా నాలుకలో మేకేనా?

ఉలి_సుత్తి
విడి చెక్క పట్టీలకి నాలుక ఉండదు. కింద ప్లై పలకకి వెనక నుంచి స్క్రూ చేసి, పలకంతా ఒక్కటిగా గోడకి ఎక్కించాలి. ముందు నుంచి కొడితే మేకు గుంటలో మైనం నింపినా వెలుతురు అడ్డంగా పడ్డప్పుడు కనిపిస్తుంది.

నెల్లూరు_నీడ
గాళ్లలో దుమ్ము ఎవరు తుడుస్తారో అది కూడా ఆలోచించుకోండి.

మియాపూర్_మూడో_అంతస్తు
ఎల్ఈడీ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

గీత_గీసేవాడు
ఎల్ఈడీ ప్రొఫైల్ కొన్నాక దాని కొలత తీసుకురండి. స్విచ్ బోర్డు ఆ గోడ మీదే ఉందా? గాళ్ల మీద ప్లేటు కూర్చోదు, వెనక సందులు కనిపిస్తాయి. బోర్డంత మేర ప్యానెల్ కోసి, అక్కడ నున్నటి పలక దిమ్మ పెట్టించుకోండి.