ఎండీ గారు చదివే పరిచయంలో ఆయన అనని మాట రాయొచ్చా?

కమ్యూనికేషన్స్‌లో కొత్త (ప్రశ్న):
మార్చి 4, జాతీయ భద్రతా దినోత్సవానికి మా మందుల ఫ్యాక్టరీకి ముఖ్య అతిథిగా ఫ్యాక్టరీల శాఖలో రిటైరైన ఒక అధికారి వస్తున్నారు. సభకు ఆయన్ని పరిచయం చేసేది మా ఎండీ గారు, రాసేది నేను. 'వీరిని నేను ఎప్పటినుంచో అభిమానిస్తున్నాను, వీరి మాటలే నాకు మార్గదర్శకం' అని రాశాను. ఎండీ గారు ఇంకా చూడలేదు. మా మేనేజరు బాగుందన్నారు. పక్క సీటు ఆవిడ మాత్రం ఆయన అనని మాట ఆయన నోట పెట్టకూడదంటున్నారు. ఎవరు కరెక్ట్?

మార్కెటింగ్ మనిషి:
మీ మేనేజరే కరెక్ట్. పెద్దవాళ్ల ప్రసంగాలన్నీ ఎవరో ఒకరు రాసిపెట్టేవే. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన రోజు అమెరికా అధ్యక్షుడు రీగన్ చేసిన ప్రసంగం రాసింది పెగ్గీ నూనన్. అయినా అది రీగన్ ప్రసంగంగానే నిలిచింది. ఎండీ గారు మైకు ముందు చదివారంటే ఒప్పుకున్నట్టే. టెన్షన్ పడకుండా ఇచ్చేయండి.

పాత డ్రాఫ్టు:
సగం వరకు ఒప్పుకుంటానండి. ఆరోజు రీగన్ చెప్పింది దేశం దుఃఖం. అందులో ఆయనకు జరగని సంగతేదీ ఆయనకు జరిగినట్టు లేదు. అభిప్రాయం ఎవరు రాసినా, చదివినవాడు దాన్ని తనది చేసుకోగలడు. జ్ఞాపకం విషయంలో అది కుదరదు. 1987లో బైడెన్ ఒక చర్చలో బ్రిటన్ నాయకుడు నీల్ కినాక్ తన కుటుంబం గురించి చెప్పుకున్న మాటల్ని, ఆయన పేరెత్తకుండా, తన కుటుంబం కథలా చెప్పారు. అంతకుముందు వేరే సభల్లో పేరు చెప్పే వాడేవారు. ఆ ఒక్కసారి చెప్పకపోవడంతో మొదలైన గొడవ, తర్వాత బయటపడిన మరికొన్ని సంగతులతో కలిసి, సెప్టెంబరులో ఆయన్ని అమెరికా అధ్యక్ష అభ్యర్థిత్వ పోటీ నుంచే తప్పించింది.

మీ వాక్యంలో 'ఎప్పటినుంచో' అన్నది జ్ఞాపకమే. సభ అయ్యాక టీ దగ్గర అతిథి 'మనం ఎప్పుడు కలిశామండీ?' అని అడిగితే ఎండీ గారు ఏం చెబుతారు? ఆ ఇబ్బంది ఆయనది, రాసింది మీరు.

ఒక పని చేయండి. పీఏ గారిని అడిగి ఎండీ గారి దగ్గర ఐదు నిమిషాలు తీసుకోండి. 'ఈయన గురించి మీ అభిప్రాయం?' అని అడగొద్దు, 'గొప్పవారు' అని ఊరుకుంటారు. ఈయన్ని మొదట ఎక్కడ చూశారు, ఆరోజు ఈయన ఏం చేశారు, ఆ తర్వాత మన దగ్గర ఏం మారింది? ఈ మూడే అడిగి, ఆయన చెప్పేది ఆయన మాటల్లోనే రాసుకోండి. అసలు పరిచయమే లేదంటే 'నేను' తీసేసి, కంపెనీ తరఫున 'మేము' అని నిజమున్నంత వరకే రాయండి.

ఇంటరు లెక్చరర్:
మా కాలేజీ వార్షికోత్సవంలో యాంకరు అమ్మాయి అతిథి డిగ్రీలు, అవార్డులు అన్నీ చదివింది. తర్వాత కరస్పాండెంట్ గారు లేచి అదే జాబితా మొదటినుంచీ చదివారు. రెండు కాగితాలకూ మూలం అతిథి పంపిన బయోడేటానే. యాంకరుకు ఏమిచ్చారో చూసుకోండి అని చెబుదామని రాస్తున్నాను.

మైకు ముందు:
అసలు స్క్రిప్టే వద్దు. నాలుగు పాయింట్లు ఇస్తే ఎండీ గారు తన సొంత మాటల్లో చెప్పుకుంటారు. అప్పుడు ఈ గొడవే ఉండదు.

పాత డ్రాఫ్టు:
మైకు అలవాటున్నవారికి పాయింట్లే మేలు. లేనివారు పాయింట్లు చూసి పది నిమిషాలు లాగుతారు, చివర్లో అతిథి హోదా తప్పు చెబుతారు. మధ్యేమార్గంగా మొదటి వాక్యం, పేరూ హోదా, చివరి వాక్యం పూర్తిగా రాసివ్వండి. మిగతాది ఆయన మాట తీరులోనే ఉండాలి.

కాగితం సంగతి కూడా చిన్నది కాదు. 2011 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో మన విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ పొరపాటున పోర్చుగల్ మంత్రి ప్రసంగం అందుకుని దాదాపు మూడు నిమిషాలు చదివేశారు. పక్కనున్న అధికారులు చెప్పాకే ఆగారు. అందుకే ప్రతి పేజీ మీదా ఎవరు, ఏ సభ, ఎన్నో పేజీ అని వేయండి. పెద్ద అక్షరాలు, ఒకవైపే ప్రింటు, వాక్యం పేజీ దాటకూడదు. కాగితం కింది మూడో వంతు ఖాళీగా వదిలితే చదివేవారి తల వంగదు.

కమ్యూనికేషన్స్‌లో కొత్త:
ఐదు నిమిషాలు దొరికాయి! మొదట 'మంచి ఆఫీసరు' అనే అన్నారు. రెండో ప్రశ్నకు కుర్చీలో ముందుకు జరిగి చెప్పారు. కొత్త డ్రాఫ్టు ఇది:

'అందరికీ నమస్కారం. నేను ఇదే ప్లాంటులో షిఫ్ట్ ఇంజనీరుగా ఉన్నప్పుడు ఒక అధికారి తనిఖీకి వచ్చారు. రిజిస్టర్లు అడగలేదు. నేరుగా రియాక్టర్ల పక్కనున్న ఎమర్జెన్సీ షవర్ దగ్గరికి వెళ్లి గొలుసు లాగారు. తుప్పు నీళ్లు వచ్చాయి. "కంట్లో యాసిడ్ పడినవాడు ఈ నీళ్లతో కడుక్కోవాలా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఆ షవర్లు వారం వారం తెరిచి చూస్తున్నాం. ఆ అధికారే ఈ రోజు మన ముఖ్య అతిథి.' తర్వాత పేరు.

పైకి చదివితే నిమిషం లోపే అయిపోతోంది.

మార్కెటింగ్ మనిషి:
ఇది మొదటిదానికంటే చాలా బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఎండీ గారికి ఏ జ్ఞాపకమూ లేకపోయి ఉంటే? అప్పుడు 'మేము' అని రాసిన చప్పటి పరిచయం ఎవరు వింటారు? 'అభిమానిస్తున్నాను' అనేది మర్యాద మాట. దాన్ని ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు. అక్కడ మాత్రం నా మాట మీదే ఉన్నాను.

రెండో షిఫ్టు:
నేను ప్లాంటు మనిషిని. 'వారం వారం చూస్తున్నాం' అన్న వాక్యం దగ్గర జాగ్రత్తండి. హాల్లో కూర్చునేది ఆ షవర్లు రోజూ చూసే ఆపరేటర్లు. ఒక్క నెల చెకింగ్ తప్పినా వాళ్లకు తెలుసు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే మిగతా కథ కూడా నమ్మరు. ట్యాగు మీద తేదీలు, సంతకాలు ఉంటాయి. మీరే వెళ్లి ఒకసారి చూడండి.

పాత డ్రాఫ్టు:
సరిగ్గా చెప్పారు. ఇంకొకటి, యాసిడ్ మాట అతిథిది. ఎండీ గారి నోట మాట పెట్టకూడదని మొదలుపెట్టి, అతిథి నోట పెడుతున్నాం. ఎలాగూ పేరు పలికే తీరు అడగడానికి అతిథికి ఫోన్ చేస్తారు కదా, ఆ సంఘటన గురించి కూడా అడగండి. ఆయనకు గుర్తులేకపోతే కొటేషన్ తీసేసి 'ఇలాంటి అర్థం వచ్చేలా అడిగారు' అని రాయండి.

కమ్యూనికేషన్స్‌లో కొత్త:
ట్యాగులు చూశాను. రెండు షవర్లకు గత నెల సంతకాలు లేవు. అందుకని 'వారం వారం చూడాలని నియమం పెట్టుకున్నాం' అని మార్చాను. అతిథి గారికి షవరు గుర్తుంది, మాట గుర్తులేదు. కొటేషన్ తీసేశాను. ఇప్పుడు ప్లాంట్ హెడ్ గారు 'ఆరోజు హాల్లో కస్టమర్ ఆడిటర్లు కూడా ఉంటారు, తుప్పు నీళ్ల మాట వద్దు' అంటున్నారు. ఎండీ గారు ఉంచమన్నారు, కానీ ఆడిటర్లు వస్తున్నారని ఆయనకు ఇంకా తెలియదు. పంపేముందు నేనే చెప్పాలా?

పాత డ్రాఫ్టు:
చెప్పాలి, ఈ రోజే. ఉంచాలో తీయాలో ఆయన తేల్చుకుంటారు. తీసేస్తే మాత్రం షవర్ కథ మొత్తం తీయాలి. నీళ్లు బాగానే వచ్చినట్టు మార్చి రాయకండి.

రెండో షిఫ్టు:
నన్నడిగితే ఉంచాలి. ఆడిటర్లు తుప్పు నీళ్లు చూడనివాళ్లేం కాదు. సభకు ముందు మాత్రం ఆ రెండు షవర్లు తెరిపించి సంతకాలు పెట్టించండి.