నవ్వకుండా నవ్వించడాన్ని తెలుగులో ఏమనాలి?

తాటాకు: ఒక కథ అనువాదం చేస్తూ ఒకే మాట దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయాను. అందులో ఒకాయన ఘోరమైన అబద్ధాలు ఏ మాత్రం నవ్వకుండా చెప్తుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వుతారు. ఇంగ్లీషులో ‘డెడ్‌పాన్’ అని ఒక్క మాటలో తేల్చేశారు. ‘గంభీరంగా అన్నాడు’ అంటే సంతాపసభలో మాట్లాడినట్టుంది. ‘నిర్వికారంగా’ అంటే స్వామీజీ అయిపోయాడు. ‘సీరియస్‌గా మొహం పెట్టి’ కొంత నయమే కానీ, ‘పెట్టి’ అనగానే నటిస్తున్నాడని పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. మీ ఇళ్లల్లో ఏమంటారు?

బ్యాంకు కాలనీ: డెడ్ పాన్ అంటే ఆధార్‌తో లింక్ చెయ్యనిదండీ. మా బావమరిదిది అలాగే అయింది. వెయ్యి రూపాయలు కట్టి లింక్ చేయించాక మళ్లీ పనిచేసింది.

తాటాకు: ఆ పాన్ కాదండీ. హాస్యానికి సంబంధించినది.

బ్యాంకు కాలనీ: ఓ. సరే.

గోదారి గట్టు: దీనికి మాట వెతుక్కోవడం ఏంటండీ బాబూ! మా వైపు దీన్ని వెటకారం అంటాం. ‘ఏమండోయ్, తమరి రాకతో మా అరుగు పావనమైపోయింది’ అని ఎంత వినయంగా అంటామో చూడండి. పెదవి కూడా కదలదు.

పాతపుస్తకాలు: గట్టు గారూ, సగం ఒప్పుకుంటాను. వెటకారంలోనూ పైకి ఒకటి, లోపల ఒకటి ఉంటాయి. కానీ వెటకారానికి ఎదురుగా ఒక మనిషి కావాలి, ఆ దెబ్బ అతనికి తగలాలి. అందుకే ‘ఏమండోయ్’ అని సాగదీస్తారు, ‘తమరి’ అని మోతాదు మించిన మర్యాద వాడతారు. ఆ సాగదీతే కన్నుగీటడం. తాటాకు గారు అడిగేదాంట్లో కన్నుగీటడమే ఉండకూడదు, దెబ్బ తినేవాడూ ఉండనక్కర్లేదు.

మాస్టారు (రిటైర్డు): నవ్వు గురించి చర్చ కనుక సుమతీ శతకం గుర్తుచేస్తున్నాను.

నవ్వకుమీ సభలోపల
నవ్వకుమీ తల్లిదండ్రి నాథులతోడన్
నవ్వకుమీ పరసతితో
నవ్వకుమీ విప్రవరుల నయమిది సుమతీ!

నలుగురిలో నవ్వు తగదని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఇక మాట కావాలంటే నాట్యశాస్త్రంలోనే ఉంది. హాస్యం రెండు విధాలు. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివారిని నవ్విస్తే పరస్థం. మీ డెడ్‌పాన్ పరస్థ హాస్యమే.

పాతపుస్తకాలు: మాస్టారూ, పద్యం సభలో కూర్చున్నవాడికి చెప్పిన బుద్ధి. మనం మాట్లాడుతున్నది సభను నవ్వించేవాడి గురించి. ఇక పరస్థం అంటే ఇతరులను నవ్వించడం అన్నంత వరకే. నవ్వించేవాడి మొహం ఎలా ఉండాలో ఆ మాటలో లేదు. పిల్లిమొగ్గలేసి నవ్వించినా పరస్థమే కదా?

మాస్టారు (రిటైర్డు): పిల్లిమొగ్గ విషయం ఆలోచించాలి.

సిద్దిపేట చిన్నోడు: మా దిక్కు ‘సీదా మొఖం పెట్టి చెప్పిండు’ అంటం. గానీ అన్నా, నాకు ఒకటి సమజ్ కాలే. జోక్ చెప్పెటోడు నవ్వితే మనకు ఇంకా ఊపు రావాలె గదా? నవ్వు అంటుకునేదే గదా. మరి నవ్వకుంటే ఎక్కువ నవ్వుడెందుకు వస్తది?

పాతపుస్తకాలు: తమ్ముడూ, అసలు ప్రశ్న అదే. నవ్వు అంటుకుంటుంది, నిజమే. కానీ చెప్పేవాడు ముందే నవ్వితే ‘ఇక్కడ నవ్వాలి’ అని బోర్డు పెట్టినట్టు. మనం మర్యాదకి నవ్వుతాం. మార్క్ ట్వేన్ 1895లో కథ చెప్పడం ఎలా అని ఒక వ్యాసం రాశాడు. అందులో తన కథలో నవ్వొచ్చే విషయం ఒకటుందని చెప్పేవాడు అనుమానం కూడా రానివ్వకూడదంటాడు. ఆర్టిమస్ వార్డ్ అనే ఉపన్యాసకుడైతే, సభ నవ్వడం మొదలుపెడితే వీళ్లెందుకు నవ్వుతున్నారో అర్థంకానట్టు అమాయకంగా చూసేవాడట.

కానీ మనది భాషా బృందం కాబట్టి మొహాన్ని కాసేపు పక్కనపెట్టి వాక్యాన్ని చూద్దాం. ఒకే సంగతి మూడు రకాలుగా.

ఒకటి: ‘తమాషా చెప్తా వినండి! మా మామయ్య ఏకంగా గేదెకి ట్యూషన్ పెట్టించాడట!’

రెండు: ‘మా మామయ్య గేదెకి ట్యూషన్ పెట్టించాడు.’

మూడు: ‘గేదెకి లెక్కలు చెప్పే మాస్టారు మంగళవారం రారు. అందుకని ఆ రోజు పాలు కాస్త ఆలస్యం.’

మొదటిదాంట్లో ఎన్నిసార్లు కన్నుగీటానో చూడండి. ‘తమాషా’, ‘ఏకంగా’, ఆశ్చర్యార్థకాలు. అన్నిటికంటే ముఖ్యం చివర్లో ఆ ‘ట’. ‘పెట్టించాడట’ అన్నానంటే నాకు పూచీ లేదు, ఎవరో చెప్పారు, మీరూ నమ్మక్కర్లేదు అని తప్పుకున్నట్టే. తెలుగులో ఆ ఒక్క అక్షరం మొహాన్ని సడలించేస్తుంది. రెండోదాంట్లో ‘ట’ తీసేశాను. ఇప్పుడు పూచీ నాది.

మూడోదాంట్లో అసలు వార్త మంగళవారం సెలవు. గేదె చదువు వార్తే కాదు, ‘చెప్పే మాస్టారు’ అనే విశేషణంలో ఎప్పుడో ఒప్పుకున్న సంగతిలా దాక్కుంది. మీ మనసు ముందు మంగళవారం మీదికి, తర్వాత పాల మీదికి పోతుంది. ఆ తర్వాత ‘ఆగు, గేదెకి లెక్కలా?’ అని వెనక్కి తిరుగుతుంది. తిరిగి చూస్తే నేను అక్కడ ఉండను, పాల గురించి మాట్లాడుతుంటాను. దొంగను మీ అంతట మీరే పట్టుకున్నారు. ఎవరో వేలు పెట్టి చూపించిన దానికంటే ఆ నవ్వు పెద్దది.

సిద్దిపేట చిన్నోడు: మా దిక్కు ‘ట’ గాదు, ‘పెట్టించిండంట’ అంటం. గదే పని చేస్తది. మా నాయనమ్మ ఎన్నడూ ‘అంట’ అనకపోయేది. దయ్యంతోని పొద్దుందాక పంచాది పెట్టుకున్న అని చెప్పేది. ఇప్పుడు తెలుస్తుంది మేం గంతగనం ఎందుకు నవ్వినమో.

తాటాకు: అంటే మొహానికి పనే లేదా? మరి బస్టర్ కీటన్ సంగతి? ఆ హాలీవుడ్ హాస్యనటుడివి మాటలే లేని సినిమాలు కదా. ఆయన్ని రాతిమొహం అనేవారు కాబట్టి ‘రాతిమొహంతో’ అని రాద్దామనుకున్నాను.

పాతపుస్తకాలు: కీటన్ చిన్నప్పుడే అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కాడు. వాళ్ల ఆటలో తండ్రి పిల్లాణ్ని ఎత్తి విసిరేసేవాడు. తను నవ్వితే జనం తక్కువ నవ్వుతున్నారని ఆ వయసులోనే కనిపెట్టానని పెద్దయ్యాక చెప్పాడు. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో గాలివానకి ఇంటి ముందుగోడ మొత్తం ఆయన మీదికి పడుతుంది. సరిగ్గా పైఅంతస్తు కిటికీ ఖాళీ ఉన్నచోట నిలబడ్డాడు కాబట్టి బతికిపోతాడు. గోడ నిజంగానే బరువైనది, ఖాళీకీ మనిషికీ మధ్య కొన్ని అంగుళాలే తేడా.

అయితే ‘రాతి’ అన్నమాట తప్పుదారి పట్టిస్తుంది. ఆయన కళ్లు చూడండి, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటుంటాయి. మొహంలో లేనిది ఒక్కటే, ‘చూశారా నేను ఎంత తమాషా చేశానో’ అనే భావం. మన దగ్గర 1987లో వచ్చిన ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు పిసినారి వేషం అలాంటిదే. పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఆ మొహంలో పొదుపు తప్ప ఇంకేమీ ఉండదు. అక్కడ ఒక్క చిరునవ్వు వచ్చినా ఆ మనిషి మాయమై నటుడు బయటపడేవాడు.

గోదారి గట్టు: అయితే పాన్ అంటే పెనం కదా, చచ్చిన పెనం ఏంటి?

పాతపుస్తకాలు: అమెరికాలో వాడుక మాటగా పాన్ అంటే మొహమే. చలనం లేని మొహం అని.

అపార్ట్‌మెంటు మూడో అంతస్తు: మీరంతా గెలిచిన కథలు చెప్తున్నారు. నా ఓటమి వినండి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇలా రాశాను: ‘లిఫ్ట్ అలసిపోయినందున మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నిద్రపోతుంది. ఆ సమయంలో బటన్ మెల్లగా నొక్కగలరు.’ ఇద్దరు ‘ఓకే’ అన్నారు. ఒకాయన నాలుగు తర్వాత వాడుకోవచ్చా అని అడిగారు. ఇంకొకావిడ, అయితే ఈ నెల మెయింటెనెన్స్ తగ్గిస్తారా అన్నారు. చివరికి సారీ చెప్పి, జోకని వివరించాల్సి వచ్చింది. ట్యూషన్ గేదె సూత్రం ప్రకారం ఇందులో తప్పేంటి?

పాతపుస్తకాలు: ‘అలసిపోయినందున’ చక్కగా దాచారు. కానీ అక్కడ నిజం నోటీసులు కూడా అచ్చం అలాగే ఉంటాయి, ఎవరూ చదవరు, టైము మాత్రం చూసుకుంటారు. మీరు ఎలాంటి మనిషో తెలిసినవాళ్ల ముందే ఈ విద్య బాగా పనిచేస్తుంది. పనిచేసిందో లేదో కనిపెట్టడానికి ఒక గుర్తు చెప్తాను. నాలుగు తర్వాత వాడుకోవచ్చా అంటే చేరలేదు. ‘నిద్రలో నడిచే అలవాటుంటే ఏ అంతస్తులో ఆగుతుంది?’ అని మీ గొంతుతోనే అడిగితే చేరింది. అప్పుడు మీరు కూడా నవ్వకుండా జవాబివ్వాలి. వివరించడం ఒక్కటి చెయ్యకూడదు.

అపార్ట్‌మెంటు మూడో అంతస్తు: మీకేమండీ, మా సెక్రటరీ గారు మీ ఇంటికి రాలేదు కదా.

మాస్టారు (రిటైర్డు): పిల్లిమొగ్గ గురించి ఆలోచించాను. పరస్థం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘నంగనాచిలా అన్నాడు’ అంటే?

తాటాకు: దగ్గరగా ఉంది మాస్టారూ. కానీ నంగనాచి అంటే ఏదో తప్పు చేసి దాచినవాడే గుర్తొస్తాడు. మా అమ్మ ‘ఏమీ ఎరగనట్టు’ అనేది. అందులోనూ ఆ ‘అట్టు’ గుట్టు విప్పేస్తోంది.

గోదారి గట్టు: ‘తొణక్కుండా బెణక్కుండా’?

పాతపుస్తకాలు: ఇది బాగుంది గట్టు గారూ. నిండుకుండ లోపల ఉందని తెలుస్తుంది, పైకి ఒలకదు. ‘తొణక్కుండా అన్నాడు’. బెణక్కుండా వద్దు, ధైర్యసాహసాల కథ అయిపోతుంది.

తాటాకు: ‘తొణక్కుండా’ అని రాసి చూశాను. మొదటిసారి కుదిరింది. కానీ ఈ మనిషి కథలో పదకొండుసార్లు తొణక్కూడదు. మిగతా పదిచోట్ల ‘అన్నాడు’ అని వదిలేస్తున్నాను, అదే మేలేమో. వాక్యంలోనే సరిపెట్టాలి.

మాస్టారు (రిటైర్డు): నాకింకా ‘నంగనాచి’ మీదే మనసుంది.

బ్యాంకు కాలనీ: చర్చంతా చదివాను, బాగుంది. ఆ లెక్కల మాస్టారు మంగళవారాలు ఖాళీయే అంటున్నారు కాబట్టి, నంబరు ఉంటే పంపగలరు. మాది ఆవు.