చీకటి దృశ్యాల్లో తెర మినుకుమంటుంటే వీఆర్ఆర్‌ను ఆపేయాలా?

గాజువాక గేమర్:
పీఎస్5ను ఓలెడ్ టీవీకి కలిపి ఆడుతున్నాను. ఆట పంపే ఫ్రేముల లయకు తగ్గట్టు తెర వేగాన్ని మార్చే వీఆర్ఆర్ ఆన్‌లో ఉన్నప్పుడు చీకటి గదుల్లో గోడల మీది బూడిద రంగు మినుకుమినుకుమంటోంది, వెలుతురు ఉన్న చోట ఏమీ ఉండదు. ఇది ప్యానెల్ లోపమా? వీఆర్ఆర్‌ను ఇక శాశ్వతంగా ఆపేస్తే నష్టం ఉందా?

చీకటిగది:
ప్యానెల్ లోపం కాదు, వారంటీ కోసం తిరగకండి. ఓలెడ్ టీవీలన్నింటిలో ఎంతో కొంత ఇది ఉంటుంది. ఆపేయండి, పని అయిపోతుంది. వీఆర్ఆర్ అవసరం 120 ఫ్రేముల ఆటలు ఆడేవారికే తప్ప, 60 దాటని ఆటలకు దానితో పని లేదు.

రమణ మాష్టారు:
మా ఇంట్లోనూ ఇదే బాధ ఉండేది. రాత్రి సన్నివేశం రాగానే తెర మొత్తం మెల్లగా మసకబారి, మళ్ళీ వెలుగు వచ్చాక తేరుకునేది. పవర్ సేవింగ్‌ను, గది వెలుతురును బట్టి తెరను సర్దే సెన్సర్‌ను ఆపేశాక పోయింది. ముందు అవి చూడండి బాబూ.

నలుపుచాయ:
మాష్టారు గారూ, మీరు చెప్పింది తెర నెమ్మదిగా మసకబారడం. గేమర్ గారు అడిగింది సెకనులో అనేక సార్లు వచ్చే మినుకు. రెండింటికీ కారణాలు వేరు.

నేను చాలాకాలంగా టీవీలకు రంగులు సరిచేసే పని చేస్తున్నాను కాబట్టి కారణం కాస్త వివరంగా చెబుతాను. ఓలెడ్ ప్యానెల్‌లో ఏ చాయకు ఎంత వెలుగు రావాలన్న లెక్కను సాధారణంగా దాని గరిష్ఠ వేగమైన 120 హెర్ట్జ్ వద్ద సరిచేస్తారు. వీఆర్ఆర్ ఆన్ చేస్తే ఆట ఒక ఫ్రేమును 14 మిల్లీసెకన్లలోనూ, తర్వాతి ఫ్రేమును 20 మిల్లీసెకన్లలోనూ పంపవచ్చు, టీవీ ఆ లయకే తెరను తిరిగి రాస్తుంది. ఒక రాతకూ మరో రాతకూ మధ్య ఎడం మారినప్పుడల్లా పిక్సెల్ ఇచ్చే సగటు వెలుగు ఒక పిసరు మారుతుంది. తెల్లటి ఆకాశంలో ఆ పిసరు కంటికి ఆనదు. నలుపుకు కాస్త పైనున్న ముదురు బూడిదలో మాత్రం అసలు వెలుగే కొంచెం కాబట్టి, అందులో పిసరు తేడా పెద్ద వంతు అవుతుంది. పూర్తి నలుపులో పిక్సెల్ ఆరిపోయే ఉంటుంది కనుక అక్కడ మినుకు ఉండదు. మీరు గోడ మీది బూడిద రంగు అని సరిగ్గా పట్టుకున్నది దీన్నే.

అందువల్ల అసలు నేరస్థుడు ఫ్రేముల ఎడంలోని ఎగుడుదిగుడు. ఫ్రేములు నిలకడగా 60 వస్తుంటే వీఆర్ఆర్ ఆన్‌లో ఉన్నా మినుకు దాదాపు కనిపించదు. ఇక 60 దాటని ఆటలకు వీఆర్ఆర్‌తో పని లేదన్న మాటతో నేను ఏకీభవించను. 60కి అందక 50 దగ్గర ఊగే ఆటకే అది అన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. అది లేకపోతే కొన్ని ఫ్రేములు 16.7 మిల్లీసెకన్లు, కొన్ని 33.3 మిల్లీసెకన్లు తెర మీద ఉండి, కెమెరా తిప్పినప్పుడు కుదుపు తెలుస్తుంది.

గేమర్ గారూ, ఒకే సేవ్ పాయింట్ వద్ద ఈ పరీక్ష చేయండి. చీకటి గోడకు ఎదురుగా కదలకుండా నిలబడండి, తర్వాత కెమెరాను గుండ్రంగా తిప్పండి, తర్వాత పాజ్ చేయండి. ఆపైన Settings లో Screen and Video, Video Output కింద VRR ను ఆపి, అదే వరుసను మళ్ళీ చేయండి. ఫోన్‌తో తీసి చూడాలనుకుంటే ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయండి, లేకపోతే ఫోనే వెలుగును సర్ది మినుకును దాచేస్తుంది.

డెస్క్‌టాప్ వాడిని:
నేను పీసీని టీవీకి కలిపి ఆడతాను, వీఆర్ఆర్‌ను ఎప్పుడూ ఆపను. నా టీవీలో దాని కింది హద్దు 40 హెర్ట్జ్. ఆట 41 ఫ్రేముల వద్ద ఉంటే తెర ప్రతి 24.4 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. 39కి దిగిందంటే గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేమును రెండుసార్లు పంపి తెరను 78 హెర్ట్జ్‌కు ఎక్కిస్తుంది, ఎడం ఒక్కసారిగా 12.8కి పడిపోతుంది. రెండు ఫ్రేముల తేడాకు తెర వేగం రెట్టింపు అన్నమాట. ఆట ఆ హద్దు చుట్టూ ఊగినంతసేపూ చీకటి గోడ దీపావళి దీపంలా రెపరెపలాడుతుంది. నేను ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో Max Frame Rate ను ఆ ఆట నిలకడగా అందుకోగల 58కి కట్టేశాను. కార్డు హద్దు వైపు పోనే పోదు, మినుకు పోయింది. వీఆర్ఆర్‌ను ఆపడం కంటే ఆటకు పగ్గం వేయడం మేలు.

చీకటిగది:
ఆ పగ్గం పీసీలో ఉంది, పీఎస్5లో ఎక్కడుంది? ఆట ఇచ్చిన మోడ్‌తో సరిపెట్టుకోవాల్సిందే.

గాజువాక గేమర్:
నలుపుచాయ గారూ, పరీక్ష చేశాను. పాతాళ గదిలో కదలకుండా నిలబడితే తెర నిలకడగా ఉంది. కెమెరా తిప్పితే సన్నగా మినుకు. తలుపు తీసి తర్వాతి గది లోడ్ అయ్యే రెండు మూడు సెకన్లలో అయితే గోడంతా దడదడలాడింది, పాజ్ చేయగానే ఆగిపోయింది. వీఆర్ఆర్ ఆపితే తలుపు దగ్గర కూడా మినుకు లేదు. కానీ బయటి ప్రాంగణంలో కెమెరా తిప్పుతుంటే చిత్రం తడబడుతోంది, ఇంతకుముందు అలా లేదు. ఆడుతున్నది పెర్ఫార్మెన్స్ మోడ్‌లోనే.

నలుపుచాయ:
అయితే మీ ప్యానెల్‌కు ఏ జబ్బూ లేదు. కదలని ఫ్రేములో ఆగి, లోడింగ్‌లో పెరిగే మినుకు ఫ్రేముల ఎడంతో పుట్టేదే. ప్యానెల్ లోపమైతే పాజ్ చేసినా, వీఆర్ఆర్ ఆపినా మచ్చ అక్కడే ఉండేది. పీఎస్5లో వీఆర్ఆర్ పరిధి 48 నుంచి 120 హెర్ట్జ్. తలుపు దగ్గర ఆట 48 కిందికి పడితే వీఆర్ఆర్ వదిలేసి స్థిర వేగానికి మారుతుంది, మళ్ళీ పైకి రాగానే అందుకుంటుంది. ఆ మారడమే మీరు చూసిన దడదడ అని నా అంచనా. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో పరిధి 40 నుంచి మొదలై, దాని కింద ఫ్రేములను రెట్టింపు చేసే ఏర్పాటు ఉంది. తెర చిరగదు, కుదుపు తగ్గుతుంది, కానీ మినుకు పోదు. డెస్క్‌టాప్ గారు చెప్పిన గెంతు అక్కడ కూడా ఉంటుంది.

ఈ ఆటకు రెండు దారులు ఉన్నాయి. 30 ఫ్రేముల క్వాలిటీ మోడ్ ఉంటే, వీఆర్ఆర్ ఆపి అందులో ఆడండి. ప్రతి ఫ్రేము సరిగ్గా 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది కాబట్టి మినుకూ ఉండదు, ఎగుడుదిగుడు తడబాటూ ఉండదు. 120 హెర్ట్జ్ తెర మీద 40 ఫ్రేముల మోడ్ ఇచ్చే ఆట అయితే ఇంకా నయం, ఒక్కో ఫ్రేము సరిగ్గా మూడు రాతలు ఉంటుంది, అక్కడా వీఆర్ఆర్ అక్కర్లేదు. రెండోది, వీఆర్ఆర్ ఉంచుకుని తలుపుల దగ్గరి మినుకును భరించడం. ఎల్‌జీ టీవీ అయితే గేమ్ ఆప్టిమైజర్‌లోని Fine Tune Dark Areas ను ఒకటి రెండు మెట్లు దించితే ముదురు చాయలు ఇంకొంచెం నల్లబడి మినుకు కంటికి తక్కువగా ఆనుతుంది. కానీ అది జబ్బుకు మందు కాదు, ముసుగు. మరీ దించితే నీడలో దాక్కున్న శత్రువు కూడా ఆ నలుపులోనే కలిసిపోతాడు.

Apply to Unsupported Games ను మాత్రం ఆపే ఉంచుతాను. వీఆర్ఆర్ కోసం తయారుకాని ఆటలన్నిటికీ దాన్ని అంటగడితే, నిలకడగా 60 ఇచ్చే పాత ఆటలు కూడా లోడింగ్ తెరల వద్ద మినుకుమంటాయి, లాభం ఏమీ ఉండదు.

చీకటిగది:
నిలకడ ఉన్న ఆటకు వీఆర్ఆర్ అక్కర్లేదు, నిలకడ లేని ఆటకు వీఆర్ఆర్ మినుకు తెస్తుంది. ఈ లెక్కన ఆన్ చేయాల్సింది ఎప్పుడో ఇంకా నాకు అర్థం కాలేదు.

నలుపుచాయ:
నిలకడ లేని ఆట పగటి వెలుగులో సాగినప్పుడు. కార్ల పందెంలో, పచ్చిక మైదానాల్లో మినుకు కనిపించే చీకటే ఉండదు, తడబాటు మాత్రం ప్రతి మలుపులో తెలుస్తుంది. అలాంటి ఆటకు ఆన్, భయపెట్టే నేలమాళిగల ఆటకు ఆఫ్. ఆటను బట్టి ఒకసారి మెనూలోకి వెళ్ళి రావడం చిరాకే, ఒప్పుకుంటాను.

గాజువాక గేమర్:
ఈ ఆటలో క్వాలిటీ మోడ్ 30 ఫ్రేములదే ఉంది, వీఆర్ఆర్ ఆపి అందులో ఆడి చూశాను. పాతాళ గది ప్రశాంతంగా ఉంది. కానీ 60కి అలవాటు పడిన చేతికి గురి పెట్టడం బరువుగా అనిపిస్తోంది. మినుకు కంటే అదే ఎక్కువ బాధ పెడుతుందేమో, ఇంకో రెండు రాత్రులు ఆడి చెబుతాను.