మేలో కారు ప్రయాణం, ఇద్దరు పిల్లలు: పెరుగన్నం కట్టాలా, దారిలో కొనాలా?

ఎల్బీనగర్ అమ్మ: వచ్చే వారం పొద్దున 5కి బయలుదేరి కార్లో రాజమండ్రి వెళ్తున్నాం. పెద్దాడికి 8 ఏళ్లు, చిన్నదానికి 3, చిన్నది కార్లో వాంతి చేసుకుంటుంది. అత్తయ్య పెరుగన్నం, వేయించిన పల్లీలు కట్టమంటున్నారు. మా ఆయనేమో అన్నీ సూర్యాపేటలో కొందాం అంటున్నారు. ఏం చేయాలి?

మలక్‌పేట పిన్ని: కట్టుకెళ్లమ్మా, ఆలోచించకు. అన్నంలో పాలు ఎక్కువ పోసి ఒక్క చెంచా పెరుగు వేసి కలిపితే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. పెరుగు పులుస్తుంది గానీ పాడవదు. మా పిల్లలు అలాగే పెరిగారు.

రోడ్డు మనిషి: నెలకు రెండుసార్లు విజయవాడ వెళ్లొస్తాను. జనం బాగా ఉన్న చోట ఆగి, కళ్ల ముందు ఆవిరి మీద నుంచి దించిన ఇడ్లీ పెట్టించండి. కొబ్బరి చట్నీ మాత్రం పిల్లలకు వద్దు, ఎప్పుడు రుబ్బారో తెలియదు. కోసి పెట్టిన పండ్లు కూడా వద్దు, అరటిపండు తీసుకోండి. ఇక టిఫిన్ డబ్బాలు మోసే బాధ ఎందుకు?

బోడుప్పల్ నాన్న: పోయిన వేసవిలో మేమూ దారిలోనే కొన్నాం. ఒక హోటల్లో పూరీ, పైన మామిడి డ్రింకు. నకిరేకల్ దాటకముందే మా వాడు సీటంతా కక్కేశాడు. హోటల్ తిండి అంటే నాకు భయం పట్టుకుంది.

పిల్లల వార్డు నర్సు: మీ వాడిది తిండి పాడై వచ్చిన వాంతి కాకపోవచ్చు. నూనె వస్తువు, తీపి డ్రింకు కడుపు నిండా పట్టించి వెంటనే కారు కదిలిస్తే చాలామంది పిల్లలకు తిప్పుతుంది. ఖాళీ కడుపుతో కూర్చోబెట్టినా అంతే. చిన్నదానికి బయలుదేరే ముందు సగం ఇడ్లీ, తర్వాత గంటకోసారి కాసిని మరమరాలో బిస్కెట్టో చాలు. ఫోన్ ఇవ్వకుండా ముందుకు, దూరంగా చూడనివ్వండి.

పిన్ని గారూ, పులుపు బాగా ఎక్కిన పెరుగన్నం గురించి మీరు చెప్పింది చాలావరకు నిజమే. కానీ చెంచా పెరుగుతో ఆ పులుపు ఎక్కడానికి గంటలు పడుతుంది. వండిన అన్నంలో మిగిలే ఒక రకం క్రిములు ఈలోపే ఎండ వేడికి పెరుగుతాయి. అవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. తీగలు సాగినా, బుడగలు వచ్చినా పారేయాలి, కానీ వాసన బాగుందని నమ్మడానికీ లేదు. కట్టాలంటే అన్నం పూర్తిగా చల్లార్చి, నిండా పెరుగుతో కలిపి, ఏసీ తగిలే చోట పెట్టండి, డిక్కీలో వద్దు. నేనైతే 9 దాటనివ్వను. ఐసు డబ్బాలో పెడితే మధ్యాహ్నం దాకా ఆగొచ్చు.

మూడేళ్ల పిల్లకు పల్లీలు అసలు వద్దు. గొంతులో అడ్డుపడితే అరవలేదు, ముందు సీటు వాళ్లకు తెలియనే తెలియదు.

మలక్‌పేట పిన్ని: నలభై ఏళ్లుగా తింటున్న తిండికి ఇప్పుడు విషం పేరు పెడతారా? బయట కొన్నదానికి మాత్రం ఎవరూ వంక పెట్టరు!

ఉప్పల్ వాసి: రైల్లో వెళ్తే ఈ గొడవే లేదు కదా.

రోడ్డు మనిషి: పిన్ని గారూ, నేను కోప్పడటం లేదు, కానీ పొద్దున 5కి బయలుదేరాలంటే వంటకు 3కి లేవాలి. తెలుస్తోందా?

మలక్‌పేట పిన్ని: తల్లి అన్నాక లేవదా? మేం లేవలేదా?

ఎల్బీనగర్ అమ్మ: లేచేది నేను పిన్నీ. అన్నం వండి, పిల్లల్ని తయారు చేసి, దారంతా చిన్నదాని వాంతి సంచి పట్టుకుని కూర్చునేదీ నేనే. అక్కడ దిగగానే బాగా చూసుకోలేదనే మాట కూడా నాకే. కొందాం అన్న ఆయన ఏం కొనాలో ఆలోచించరు, కట్టమన్న అత్తయ్య వంటింట్లోకి రారు. నేను అడగాల్సింది ఇదేనేమో.

బోడుప్పల్ నాన్న: మా ఇంట్లోనూ ఇదే. ఆ రోజు సీటు కడిగింది మా ఆవిడే.

రోడ్డు మనిషి: అయితే పని పంచండి. నీళ్ల ఫ్లాస్కు, మరమరాల డబ్బా, పాత తువ్వాళ్లు, కవర్లు ముందు రాత్రే ఆయన సర్దాలి. వంట అక్కర్లేదు.

ఎల్బీనగర్ అమ్మ: వాంతి అయితే ఓఆర్‌ఎస్ డబ్బా డ్రింకు పట్టమని షాపతను అంటాడు, పట్టొచ్చా?

పిల్లల వార్డు నర్సు: డబ్బా డ్రింకు వద్దు. అలాంటి తీపి పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అని వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థే ఆదేశించింది, దానికోసం మన హైదరాబాద్ డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. మందుల షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసిన పొడి ప్యాకెట్ కొనండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం కలపకండి, 24 గంటలు దాటితే పారబోయండి. వాంతయ్యాక పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ఒక్కసారి వాంతయి మళ్లీ ఆడుకుంటుంటే మామూలు నీళ్లు చాలు. తాగిందల్లా కక్కేస్తున్నా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా దగ్గర్లో ఆసుపత్రి చూడండి.

మలక్‌పేట పిన్ని: పొడి ప్యాకెట్ సరే. పెరుగన్నం విషయంలో నా మాట మార్చుకోను. కానీ అమ్మాయ్, 3కి లేవకు.

ఎల్బీనగర్ అమ్మ: మధ్యాహ్నానికి వేడి ఇడ్లీ ఆగి తింటాం. ఆయనకు సర్దే పని అప్పజెప్పాను, మరమరాలు ఎక్కడున్నాయని ఇప్పుడే అడిగారు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు.