పూలు గిల్లడమా, కొన తుంచడమా: కుండీలోని బేసిల్ గురించి ఒక మాట

కుండీల కాపరి: సభ్యులకు నమస్కారం. కుండీలో పెంచే బేసిల్ గురించి, నాకు తెలిసినవారికోసం ఒక చిన్న సూచనల కాగితం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. మొక్క పూతకు రాకుండా, గుబురుగా పెరగడానికి కొమ్మ చివరను గోళ్లతో తీసేస్తూ ఉంటాము కదా, దానికి నేను "పూలు కనబడగానే గిల్లివేయండి" అని రాశాను. కాగితం చదివిన ఒకావిడ నేను రాసినట్టే నెలరోజులపాటు శ్రద్ధగా పూలు గిల్లారు. అయినా మొక్క సన్నగా, నిటారుగా పెరిగి, వారానికి రెండేసి కొత్త కంకులు వేసిందనీ, ఆకు చేదెక్కిందనీ చెప్పారు. ఆవిడ తప్పు చేశారా, నేను తప్పు మాట వాడానా? దీనికి "గిల్లడం" సరైన మాటేనా?

పాతమాటల పెట్టె: మాటవరకు చూస్తే "గిల్లడం"లో తప్పులేదు. బొటనవేలి గోరునూ చూపుడువేలినీ కలిపి లేత భాగాన్ని తెంపడానికి మనకున్న సహజమైన క్రియ అదే. అయితే ఆ మాట పని ఎలా చేయాలో చెబుతుంది కానీ, ఎక్కడ చేయాలో చెప్పదు. మీ వాక్యంలో ఆ "ఎక్కడ" అన్నదానికి "పూలు" అని సమాధానం దొరికింది కనుక ఆవిడ పూలే గిల్లారు. పంటల గురించి రాసేవారు ఇటువంటి పనిని "తలలు తుంచడం" అంటారు. పొగాకులోనూ, పత్తిలోనూ, బంతిలోనూ ఈ మాట వినబడుతుంది. అందులో "తల" ఉన్నది కనుక తీసేది పువ్వును కాదనీ, కొమ్మ కొననే అనీ చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

ఉదయపు నీళ్లు: మా ఇంట్లో తులసికి కంకులు వస్తే ఎండేదాకా ఉంచి, గింజలు రాల్చుకుంటాము. వాటిని తుంచడం మంచిది కాదని మా అమ్మమ్మ అనేది. మీరు తుంచమంటున్నారేమిటండీ?

పాతమాటల పెట్టె: మీ అమ్మమ్మగారి మాటకు ఇక్కడ అడ్డు చెప్పడం లేదండి. వారు చెప్పింది పూజకు పెంచే తులసి గురించి. ఇక్కడి ప్రశ్న దాని దగ్గరి చుట్టమైన వేరే జాతి గురించి. మన భాషలో దీనికి రుద్రజడ, భూతులసి అనే పేర్లు ఉన్నాయి. సబ్జా గింజలు వచ్చేది కూడా ఈ జాతి నుంచే. గింజలు కావాలనుకుంటే దీనినీ పూయనివ్వవలసిందే, ఆకు కావాలనుకుంటేనే ఈ తుంచుడంతా.

కణుపు లెక్క: నేను భాషాపండితుడిని కాను, మొక్కలు పెంచేవాడిని. కాపరిగారి ప్రశ్నకు మొక్క వైపునుంచి సమాధానం చెబుతాను, మాట ఏది బాగుంటుందో మీరే తేల్చండి.

బేసిల్ కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలుగా ఉంటుంది. ప్రతి కణుపు దగ్గరా ఎదురెదురుగా రెండు ఆకులు, ఒక్కొక్క ఆకు చంకలో ఒక్కొక్క మొగ్గ ఉంటాయి. కొమ్మ కొన బతికి ఉన్నంతకాలం అక్కడినుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే పదార్థం ఆ మొగ్గలను అణచి ఉంచుతుంది. కొనను తీసేస్తే ఆ అదుపు సడలి, కోతకు సరిగ్గా కిందనున్న కణుపులోని రెండు మొగ్గలూ ముందుగా లేస్తాయి. ఒక కొమ్మ ఉన్నచోట రెండవుతాయి. మొక్క గుబురు కావడం అంటే ఇదే.

ఇక పూత సంగతి. బేసిల్‌లో పూలకంకి కొమ్మ కొననే వస్తుంది. అంటే అప్పటిదాకా ఆకులు పుట్టించిన కొన, ఇకమీదట పూలు పుట్టించే పనికి మారిపోయింది. ఆ కొననుంచి మళ్లీ ఆకులు రావు. పైగా ఆ మార్పు కొనదగ్గరే ఆగదు, దాని కిందనున్న ఒకటి రెండు కణుపుల్లోని మొగ్గలు కూడా ఈపాటికే పూత దారి పట్టి ఉంటాయి. ఆవిడ కంకిని మాత్రమే గిల్లినప్పుడు లేచినవి ఈ మొగ్గలే. అవి ఒకటి రెండు జతల చిన్న ఆకులు వేసి, మళ్లీ కంకులయ్యాయి. అందుకే ఎంత గిల్లినా తరగలేదు.

కుండీల కాపరి: అయితే ఎక్కడ తుంచాలి? ఆవిడ మొక్క ఫొటో నా దగ్గర ఉన్నది. ఒకే కాండం, ఏడు కణుపులు, కొనన కంకి. పై రెండు కణుపుల ఆకులు గోరంత, కిందివి అరచేతిలో సగం.

కణుపు లెక్క: ఆకుల కొలత చెప్పారు కనుక పని సులువయింది. పైనున్న ఆ గోరంత ఆకుల కణుపులు పూతవైపు తిరిగినవే, వాటిని నమ్ముకోవద్దు. కిందనుంచి లెక్కపెట్టి మూడవ జత ఆకులకు అర సెంటీమీటరు పైన కాండాన్ని కత్తిరించమనండి. కింద మూడు జతల పెద్ద ఆకులు మిగులుతాయి, వాటి చంకల్లో ఆరు మొగ్గలు ఉంటాయి. వెచ్చని వాతావరణంలో, మంచి వెలుతురులో వారం పది రోజుల్లో పై రెండూ లేస్తాయి. కిందివి కాస్త ఆలస్యంగా కదులుతాయి, అన్నీ లేవకపోయినా కంగారు పడనక్కరలేదు. ఆ కొత్త కొమ్మ ఒక్కొక్కటీ మూడు జతల ఆకులు వేయగానే, రెండవ జతకు పైన మళ్లీ తుంచాలి. అప్పటికి పై రెండు కొమ్మలూ నాలుగవుతాయి. ఆపైన రెండు మూడు వారాలకు ఒకసారి ఇదే వరుస.

ఒక హెచ్చరిక కూడా చేర్చండి. మామూలుగా ఒకేసారి మొక్కలో మూడోవంతుకంటే ఎక్కువ తీయకూడదు. ఈ మొక్క చేయిదాటింది కనుక తొలికోత పెద్దదయింది. అదేవిధంగా, అడుగున కాండం గోధుమరంగుకు తిరిగి కొయ్యబారినచోట, ఆకు ఒక్కటీ లేనిచోట కోస్తే మొగ్గలు లేవకుండా మొక్క చచ్చిపోవచ్చు. కోతకింద పచ్చని ఆకుల జతలు కనీసం రెండైనా ఉండాలి.

వంటింటి గుమ్మం: ఇంత లెక్క ఎందుకండీ? నేను వంటకు కావలసినప్పుడల్లా కింది పెద్ద ఆకులు కోసుకుంటాను, అదే తుంచడం కదా. నా మొక్క కూడా ఎత్తుగా బాగానే ఉన్నది, కింద కాస్త బోసిగా ఉన్నదంతే.

కణుపు లెక్క: మీరు చెబుతున్నది ఆకు కోయడం, ఇది కొన తుంచడం. రెండింటి ఫలితమూ తలకిందులుగా ఉంటుంది. పెద్ద ఆకులు తీసి కొనను వదిలేస్తే, మొక్కకు తిండి చేసిపెట్టే భాగం పోయింది, మొగ్గలను అణచే భాగం మిగిలింది. మీరు "ఎత్తుగా, కింద బోసిగా" అన్నది దాని గుర్తే. కొననుంచి రెండు మూడు కణుపుల పొడవు కోసి, ఆ ఆకులనే వంటకు వాడితే రెండు పనులూ ఒక్కసారే అవుతాయి.

పాతమాటల పెట్టె: ఇక్కడ భాష కూడా ఒక తేడా చూపిస్తున్నది. పొగాకులో తల తుంచేది ఉన్న ఆకు పెద్దది కావడానికి. ఆ తరవాత పక్కలనుంచి లేచే పిలకలను పనిగట్టుకొని తీసేస్తారు. బేసిల్‌లో తల తుంచేదే ఆ పక్కకొమ్మల కోసం. ఒకే క్రియ, ఎదురు ప్రయోజనం. అందువల్ల "తలలు తుంచడం" అన్న మాట అరువు తెచ్చుకుంటే, పొగాకు తెలిసిన రైతు బేసిల్‌లో పక్కకొమ్మలను కూడా గిల్లేస్తాడేమోనన్న సందేహం నాకే కలుగుతున్నది. "కొన తుంచి, పక్కకొమ్మలను పెరగనివ్వండి" అని రెండు ముక్కలూ కలిపి రాయడం మేలు.

ఉదయపు నీళ్లు: మరి "దుబ్బుగా పెరుగుతుంది" అంటే? నేను కొన్న కుండీ దుబ్బుగానే ఉండేది, పది రోజుల్లో వాలిపోయింది.

కణుపు లెక్క: మట్టిదగ్గర వేళ్లతో విడదీసి చూసి ఉంటే తెలిసేది, బహుశా అది ఒక మొక్క కాదు, దగ్గరదగ్గరగా మొలిచిన పదిహేనో ఇరవయ్యో మొలకలు. ఒక్కొక్కటీ కొమ్మ లేని పుల్లే. వెలుతురుకోసం, నీటికోసం ఒకదానితో ఒకటి పోటీపడి నీరసిస్తాయి. వాటిని మూడు నాలుగు కుండీల్లోకి విడదీసి నాటిన తరవాతే తుంచడం గురించి ఆలోచించాలి.

పాతమాటల పెట్టె: అయితే "దుబ్బు" ఇక్కడ వద్దు. నేలమట్టంనుంచే చాలా కాడలు లేచే వరికీ గడ్డికీ "దుబ్బు కట్టడం" ఒప్పుతుంది. ఒకే కాండంమీద కొమ్మలు చీలి ఆకు దట్టమైతే "గుబురు" అనాలి.

వంటింటి గుమ్మం: నాకు అసలు సందేహం చేదు గురించి. పూలు తీసేస్తే ఆకులోని చేదు కిందికి దిగిపోతుందని విన్నాను.

కణుపు లెక్క: అందులో సగం నిజం. ముదిరిన ఆకు మళ్లీ లేతబడదు, దానిలోని రుచి వెనక్కి పోదు. కోత తరవాత కొత్తగా వచ్చిన ఆకులు మాత్రం కమ్మగా ఉంటాయి, తినేవారికి చేదు తగ్గినట్టు అనిపించేది అందుకే. పూత దశలో ఆకులోని నూనెల పాళ్లు మారతాయి, లవంగాన్ని తలపించే ఘాటు కొందరికి ముందుకు వస్తుంది, కొత్త ఆకులు చిన్నవిగా, దళసరిగా వస్తాయి. పూసిన మొక్క ఆకు తింటే ప్రమాదమేమీ లేదు, వాసన మాత్రం మారవచ్చు. పూలు కూడా తినదగినవే.

పాతమాటల పెట్టె: ఆ రుచిని "చేదు" అనడం నాకు నచ్చలేదు. కాకరకాయది చేదు. నాలుకను పట్టేసేది వగరు. నమిలిన తరవాత గొంతుదగ్గర కొద్దిగా వెగటుగా నిలిచేదానిని "కనరు" అంటాము. పూతకు వచ్చిన బేసిల్ ఆకు "కనరెక్కింది" అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

కణుపు లెక్క: నాకు అది చేదుగానే తగులుతుంది. నిన్ననే పూసిన కొమ్మ ఆకూ, తుంచిన కొమ్మ ఆకూ పక్కపక్కన నమిలి చూశాను. మొదటిది నాలుక వెనకభాగంలో చేదు, వగరు కలిసి నిలిచింది.

వంటింటి గుమ్మం: నాకైతే కారంగా అనిపిస్తుంది. ముగ్గురికీ మూడు రుచులయితే కాగితంలో ఏది రాస్తారు?

కుండీల కాపరి: "రుచి మారుతుంది, కొందరికి చేదుగా, కొందరికి కనరుగా తోస్తుంది" అని రాస్తాను. పూలు గిల్లమన్న నా మొదటి వాక్యాన్ని ఇలా మార్చుతున్నాను: "కొనన ఆకులు చిన్నవై, కణుపులు దగ్గరపడి, గోపురంలా నాలుగు పలకలుగా పేర్చినట్టు కనబడితే పూలకోసం ఎదురుచూడకండి. పెద్ద ఆకుల జత ఉన్న కణుపుదాకా దిగి, దానికి కాస్త పైన కొమ్మను తుంచండి." ఇందులో "తుంచండి" ఉంచనా, "కత్తిరించండి" అననా?

కణుపు లెక్క: లేత కొమ్మకు తుంచడం, ముదిరినదానికి కత్తెర. ముదురు కాడను గోటితో లాగితే తొక్క చీలి కిందికి దిగుతుంది. ఆవిడకు మాత్రం ఈసారి కత్తెరే చెప్పండి. కోసిన కాడలో కంకి లేని ముక్కను, అడుగు ఆకులు తీసి, గ్లాసు నీళ్లలో పెడితే వారం రెండు వారాల్లో వేళ్లు వేస్తుంది. బేసిల్ ఏడాది మొక్క, పాతది కొయ్యబారేలోగా చేతిలో కొత్త మొక్క ఉంటుంది.

కుండీల కాపరి: ఆవిడకు ఇప్పుడే రాశాను. "ఏడింటిలో నాలుగు కణుపులు పోతాయే!" అని ఒకటే దిగులు. కోస్తానన్నారు కానీ, కంకి ఒక్కటి మాత్రం తేనెటీగల కోసం ఉంచుకోవచ్చా అని అడుగుతున్నారు.

కణుపు లెక్క: ఒకే కాండం ఉన్న మొక్కలో కుదరదండి, ఆ కంకి ఉన్నదే కోయవలసిన కొనమీద. మొక్క గుబురయ్యాక ఒక కొమ్మను పూతకు వదిలేసుకోమనండి.